సవరణ: క్లస్టర్‌లో 600 ఇళ్లు, 600 ఇళ్లతో సమానం కాదు

జిల్లా సర్వేకి ఇళ్లను ఊళ్లవారీ గుంపులుగా, అంటే క్లస్టర్లుగా, తీసుకోవడం గురించి పాత పోస్టులో: "30 ఊళ్లలో 20 ఇళ్ల చొప్పున తీసుకుంటే 600 ఇళ్ల సింపుల్ రాండమ్ శాంపిల్ అంత పని చేస్తుంది."

చేయదు. ఒకే ఊరి ఇళ్లకు నీళ్లు, ఆసుపత్రి దూరం ఒకటే కాబట్టి జవాబులూ దగ్గరగా ఉంటాయి. ఆ పోలికను కొలిచే సంఖ్య 0.05 అనుకుంటే, క్లస్టర్ వల్ల వేరియన్స్ ఎన్ని రెట్లు పెరుగుతుందో చెప్పే డిజైన్ ఎఫెక్ట్ 1 + (20 − 1) × 0.05 = 1.95, అంటే 600ని దానితో భాగిస్తే మిగిలేది దాదాపు 308 ఇళ్లంత సమాచారమే. 60 ఊళ్లలో పదేసి తీసుకుంటే 414 వస్తుంది, ప్రయాణం మాత్రం పెరుగుతుంది.

అయినా జిల్లా సర్వేకి నా ఓటు క్లస్టర్‌కే. సింపుల్ రాండమ్‌కి జిల్లాలోని ప్రతి ఇంటి జాబితా కావాలి, అది సాధారణంగా దొరకదు. ముందు పల్లె, పట్నం స్ట్రాటాలుగా విడదీసి, జనాభాకు తగ్గ అవకాశంతో ఊళ్లను ఎంచి, అక్కడ ఇళ్ల జాబితా రాసుకుని, రాండమ్‌గా మొదలుపెట్టి జాబితాలో సమాన అంతరంతో, సిస్టమాటిక్‌గా తీసుకోండి.