నొప్పి నిజమే, మరి అది మాత్రదేనా?

"మా నాన్నగారికి కొలెస్ట్రాల్ మాత్ర మొదలెట్టిన వారానికే తొడలు, పిక్కలు లాగడం మొదలైంది. మానేస్తే నాలుగు రోజుల్లో తగ్గింది. మళ్లీ వేస్తే మళ్లీ వచ్చీసింది. డాక్టరుగారేమో మాత్ర వల్ల కాదంటున్నారు. ఇంతకంటే రుజువేటి కావాలండి?" అని అడిగాడు గాజువాక నుంచి వచ్చిన అప్పారావు.

విశాఖ బీచ్ రోడ్డులో ఆదివారం సాయంత్రం, సముద్రం వైపు వేసిన సిమెంటు బల్ల. ఒక పక్క సత్యనారాయణగారు. కేజీహెచ్ దగ్గర ఏళ్ల తరబడి మెడికల్ షాపు నడుపుతున్న మనిషి. ఇంకో పక్క శారద. కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్తుంది.

సత్యనారాయణ: నిజమే కదమ్మా! వేసుకుంటే వచ్చింది, మానేస్తే పోయింది, మళ్లీ వేస్తే మళ్లీ వచ్చింది. మందు పడకపోవడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నేనెరగను. పైగా మాత్రల పెట్టెలో పెట్టే కాగితం మీద కండరాల నొప్పులని అచ్చేసి మరీ ఉంటుంది.

శారద: సరిగ్గా ఆ సాక్ష్యాన్నే పరీక్షకు పెట్టారు బాబాయిగారూ. లండన్ ఇంపీరియల్ కాలేజీవాళ్లు, శాంసన్ అనే పేరుతో. ఫలితాలు 2020లో వచ్చాయి. అందులో చేరిన 60 మందీ మీ అప్పారావు నాన్నగారిలాంటివాళ్లే. స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర మొదలెట్టిన రెండు వారాల్లోపే ఇబ్బంది వచ్చి మానేసినవాళ్లు. ఒక్కొక్కరికి 12 సీసాలిచ్చారు, నెలకొకటి. నాలుగు సీసాల్లో అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ 20 మిల్లీగ్రాముల మాత్రలు. నాలుగింట్లో చూడ్డానికి అచ్చం అలాగే ఉండే, మందు లేని మాత్రలు. మిగతా నాలుగూ ఖాళీవి. ఏ నెల ఏ సీసా అన్నది లాటరీ లెక్క. ఖాళీ సీసా అయితే మనిషికి తెలిసిపోతుంది, కానీ మాత్రలున్న సీసాలో ఏముందో వేసుకునేవాళ్లకీ తెలీదు, చూసే డాక్టర్లకీ తెలీదు. రోజూ ఆ రోజు ఎంత ఇబ్బంది పడ్డారో ఫోన్లో 0 నుంచి 100 లోపు ఒక అంకె నొక్కాలి.

సత్యనారాయణ: మందున్న నెలల్లో ఎక్కువ నొక్కుంటారు.

శారద: నొక్కారు. మాత్రే లేని నెలల్లో సగటు 8. స్టాటిన్ నెలల్లో 16.3. అంటే రెండింతలు, మీరన్నది అక్షరాలా నిజమే. కానీ మందు లేని మాత్ర వేసుకున్న నెలల్లో ఎంతొచ్చిందో తెలుసా? 15.4. స్టాటిన్‌తో పెరిగిన ఇబ్బందిలో పదింట తొమ్మిది వంతులు ఉత్త మాత్రతోనూ పెరిగింది.

అప్పారావు: అంటే మా నాన్న నటిస్తున్నారంటారేటండి? ఆయన మెట్లెక్కలేక గోడ పట్టుకుంటన్నారు మేడం!

శారద: అయ్యో, అస్సలు కాదు అప్పారావ్. నీ ప్రశ్న నొప్పి ఉందా లేదా అని కాదు, అది ఎక్కణ్ణించి వస్తోందని. ఆ 60 మందికీ నొప్పి నిజంగానే వచ్చింది. రోజు మొత్తం పాడుచేసేంత వచ్చి మానుకున్న నెలలున్నాయి, అవి మందు లేని సీసా నెలల్లోనూ ఉన్నాయి. ఇంకో సంగతి నీ ప్రశ్నకి నేరుగా తగులుతుంది. మాత్ర మొదలెట్టగానే ఇబ్బంది పెరగడం, ఆపగానే తగ్గడం రెండు రకాల సీసాలతోనూ ఒకేలా జరిగింది. మానేస్తే తగ్గిందన్నది మాత్రకీ నొప్పికీ సంబంధం ఉందని చెప్తుంది. లోపలున్న మందుకే సంబంధం ఉందని మాత్రం చెప్పదు.

సత్యనారాయణ: సరే, మాత్రలో ఏమీ లేకుండా తొడ ఎలా లాగుతుందమ్మా? మనసు బలహీనమైతే అలా అనిపిస్తుంది, అంతేగా?

శారద: ఆ మాటే తప్పుదారి పట్టిస్తుంది. బలహీనులకే వచ్చేది కాదిది. రెండు మూడు దారుల్లో వస్తుంది. మొదటిది చాలా మామూలు విషయం. మాత్రే లేని నెలల్లో కూడా అంకె సున్నా కాదు, 8. అరవై దాటిన ఒంట్లో రోజూ ఎక్కడో ఒకచోట పట్టేస్తూనే ఉంటుంది, మనం లెక్కచెయ్యం. పిక్కలు లాగొచ్చని ఎవరైనా చెప్పారనుకోండి, రాత్రి పడుకునేముందు చెయ్యి తిన్నగా పిక్క మీదికే పోతుంది. నిన్నటిదాకా పేరు లేని నొప్పికి ఇవాళ ఒక పేరు, ఒక కారణం దొరికాయి. ఇక అది వదలదు.

సత్యనారాయణ: అది ధ్యాస పెట్టడం. కొత్తగా నొప్పి పుట్టడం కాదుగా.

శారద: పుడుతుంది కూడా. దీనికి 2011లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన పని చూడండి. 22 మంది ఆరోగ్యవంతుల పిక్క మీద ఒకే పాళ్లలో వేడి తగిలించి, 0 నుంచి 100 వరకు నొప్పి ఎంతో చెప్పమన్నారు. 66 అన్నారు. చెప్పకుండా సెలైన్ గొట్టంలోంచి రెమిఫెంటానిల్ అనే గట్టి నొప్పి మందు ఎక్కిస్తే 55కి దిగింది. అది మందు ఒక్కదాని బలం. తర్వాత అదే ధారని మార్చకుండా, ఇప్పుడే మందు మొదలెడుతున్నామన్నారు. 39కి పడిపోయింది. చివర్లో, మందు ఆపేస్తున్నాం, నొప్పి పెరగొచ్చు అన్నారు. ఆపలేదు, ధార సాగుతూనే ఉంది. అయినా అంకె 64కి ఎక్కింది. మందు ఒంట్లో అంతే ఉంది, పక్కనున్న మనిషి అన్న మాటొక్కటే మారింది. మెదడు స్కాన్‌లో నొప్పికి స్పందించే చోట్లు కూడా ఆ మాటల వెంటే ఎక్కాయి, దిగాయి. ఊరికే నోటితో అన్న అంకెలు కావు బాబాయిగారూ.

*(కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. మరమరాల బండి వెళ్లిపోయింది.)*

సత్యనారాయణ: ఒప్పుకుంటాను. నా కౌంటర్ దగ్గరా దీని తిరగేసిన రూపం రోజూ కనిపిస్తుంది. బీకాంప్లెక్స్ వేసుకున్నవాళ్లకి మూత్రం పచ్చగా వస్తుంది. అది అందులోని రైబోఫ్లేవిన్ అనే విటమిన్ రంగు. వాళ్లేమో, మందు భలే పట్టిందండీ, నీరసం పోయిందీ అంటారు. మాత్రలిస్తే ముఖం చిన్నబుచ్చుకుని, సూదేస్తేనే తగ్గుతుంది అనేవాళ్లు ఎందరో. కానీ నా భయం వేరమ్మా. నీ శాంసన్ లెక్క తెల్సుకున్న డాక్టరు ఇక ఎవరు నొప్పి అన్నా, అదంతా నోసిబో, కీడు జరుగుతుందన్న భయమే నొప్పి తెచ్చింది, పో అంటాడు. కండరం నిజంగా చితికిపోతున్నవాడు కూడా ఆ మాటే వింటాడు. 60 మందే కదా ఉన్నది?

శారద: ఆ భయం సబబే. 60 మంది మీద మొత్తం ప్రపంచాన్ని నిలబెట్టకూడదు. అందుకే 2022లో 19 పరీక్షల్లోని 1,23,940 మంది లెక్కలు ఒకచోట చేర్చి చూశారు. అందరికీ ఏ మాత్ర ఇస్తున్నారో తెలియనివ్వని పరీక్షలవి. కండరాల నొప్పో బలహీనతో చెప్పినవాళ్లు స్టాటిన్ వైపు నూటికి 27.1, మందు లేని మాత్ర వైపు 26.6. తేడా చిన్నదే, కానీ సున్నా కాదు. ఆ కొంచెం ఎక్కువ కూడా మొదటి ఏడాదిలోనే కనబడింది. ఆ ఏడాది స్టాటిన్ వేసుకుంటూ నొప్పి అని చెప్పిన పదిహేను మందిలో రమారమి ఒకరికి మాత్రే కారణం.

సత్యనారాయణ: ఆ ఒక్కణ్ణి ఎలా పట్టుకుంటావు? నీ అంకెల్లో వాడి పేరు రాసి ఉండదు.

శారద: నొప్పిని బట్టి కాదు, ఒంటి గుర్తుల్ని బట్టి. రెండు తొడలకీ, తుంటికీ సమానంగా, నొప్పి కంటే బలహీనత ఎక్కువగా ఉంటే, కుర్చీలోంచి చేత్తో ఊతం లేకుండా లేవలేకపోతే నోసిబో అని వదిలెయ్యకూడదు. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే అదే రోజు ఆసుపత్రికి పరుగెత్తాలి. కండరం చితికితే రక్తంలో పెరిగే సీకే పరీక్ష చేయిస్తారు. మామూలు పరిమితికి పది రెట్లు దాటితే మాత్ర ఆపించేస్తారు. థైరాయిడ్ తక్కువున్నా అచ్చం ఇలాగే కండరాలు పట్టేస్తాయి కాబట్టి టీఎస్‌హెచ్ కూడా చూడాలి. ఇంకోటి మీ షాపులోనే తేలాలి. స్టాటిన్ వేసుకునేవాళ్లు క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ కలిపితే అటోర్వాస్టాటిన్ లాంటివి ఒంట్లో పేరుకుపోతాయి.

సత్యనారాయణ: ఆ చీటీ ఈ చీటీ పక్కపక్కన పెట్టి చూసే షాపులు తక్కువ. అది నేను కాదనను. సరే, నీ మాటే నిజమైతే నా పని తేలిక. నొప్పి మాట నేను ఎత్తనే ఎత్తను. కాగితం కూడా చింపేసి ఇస్తా. వినకపోతే రాదుగా!

శారద: అది మాత్రం వద్దు. డికాషన్ రంగు మూత్రం గురించి ఎవరూ చెప్పకపోతే ఆ ఒక్క మనిషి ఇంట్లోనే కూర్చుంటాడు. చెప్పాలి, చెప్పే తీరు మార్చాలి. ఉదాహరణకి, నూటికి ఐదుగురికి వస్తుందన్నా, 95 మందికి రాదన్నా లెక్క ఒక్కటే. కానీ మొదటి మాట విన్నవాడు ఆ ఐదుగురిలో తనను ఊహించుకుంటాడు.

సత్యనారాయణ: మంచి మాటలు పొదిగి చెప్పడం కూడా ఒక రకం దాపరికమేనమ్మా. మందు కొన్నవాడికి ఏం రావచ్చో పూర్తిగా తెలిసే హక్కుంది. పైగా మేం చెప్పకపోయినా ఫోన్లో చూసుకుంటాడు. అక్కడ 95 అని ఎవరు రాస్తారు?

శారద: అందుకే, ఫోన్లో చూడకముందే ముందుగా మనం చెప్పాలంటున్నా. ఇంత చెప్పాక కూడా ఎంత దాకా చెప్పడం సబబో మా వాళ్లలోనే ఒప్పందం లేదు. ఒకరికి పనికొచ్చిన మాట ఇంకొకరికి గుచ్చుకుంటుంది.

అప్పారావు: మీ ఇద్దరి తగువూ బాగానే ఉంది గానీ, మా నాన్నకి ఆ సీసాల పరీక్ష ఇంట్లో చేసెయ్యొచ్చేటి? నేను ఒక నెల ఇస్తాను, ఒక నెల మానిపిస్తాను.

శారద: మానిపించిన సంగతి ఆయనకి తెలిసిపోతుందిగా? తెలిస్తే మళ్లీ మొదటికే వచ్చాం. మాత్రని అలాంటిదే ఇంకో మాత్రతో పోల్చాలి, వేసుకునేవాళ్లకీ, అంకె రాసుకునేవాళ్లకీ తెలియకూడదు. ఏ సీసా ఏదో రాసిన కాగితం మూడో మనిషి దగ్గర ఉండాలి. అది డాక్టరు ఒప్పుకుని చేయించాల్సిన పని. స్టెంట్ వేసినవాళ్లూ, గుండెపోటు వచ్చినవాళ్లూ సొంతంగా నెలలకొద్దీ మానకూడదు. ఆయనకి స్టెంట్ ఉందా?

అప్పారావు: లేదండి. షుగరుంది. థైరాయిడ్ ఎప్పుడూ చూపించలేదు.

సత్యనారాయణ: ఇదీ అసలు సంగతి! ముందు అది తేల్చు.

శారద: అవును, మొదట సీకే, టీఎస్‌హెచ్ చేయించమని డాక్టరుగారిని అడుగు. ఇప్పట్నించే రోజూ రాత్రి ఒక అంకె రాయించు. మాత్ర మొదలెట్టకముందు ఎలా ఉండేదో ఎవరి దగ్గరా రాసి లేదు చూడు, ఇక్కడ అదే పెద్ద లోటు. పరీక్షలు బాగుంటే, చేతిలో ఆ అంకెలు పట్టుకుని డాక్టరుతో కూర్చోండి. తక్కువ మోతాదుతో మళ్లీ మొదలెడతారో, వేరే స్టాటిన్ ఇస్తారో ఆయన చెప్తారు. శాంసన్‌లో కూడా, ఫలితాలు చూపించాక సగం మంది స్టాటిన్ మళ్లీ మొదలెట్టారు.

సత్యనారాయణ: మిగతా సగం?

శారద: మొదలెట్టలేదు. నొప్పి ఎక్కణ్ణించి వచ్చిందో తెలిసినంత మాత్రాన అందరికీ అది పోదు బాబాయిగారూ.