పిల్లీ, పాలూ, పచ్చ రింగూ

ఉన్న ఉద్యోగం చేస్తూ ఇంకో ఉద్యోగం వెతుక్కోవడం హైదరాబాద్‌లో తప్పేమీ కాదు. దొరికిపోవడమే తప్పు. అందుకే గచ్చిబౌలిలో ఇంటర్వ్యూకి వెళ్లే ప్రతివాడూ ఆఫీసులో పంటి డాక్టరు దగ్గరికని చెప్పే వెళ్తాడు. మా టీమ్‌లో ఈ ఏడాది పీకించుకున్న పళ్లు లెక్కేస్తే, ఇప్పటికి ఎవరి నోట్లోనూ ఒక్క పన్నూ మిగలకూడదు. అయినా మధ్యాహ్నం అందరూ సకినాలు నములుతూనే ఉన్నారు.

ఈ గుట్టు కాపాడుకునే విద్యలో నేను ఆరితేరినవాడినని మొన్నటిదాకా నా నమ్మకం. ఆ నమ్మకం ఎలా పోయిందో సమాజ హితం కోరి ఇక్కడ నమోదు చేస్తున్నాను.

లింక్డిన్‌లో Open to work అనే సదుపాయం ఉంది. దాన్ని ఆన్ చేస్తే ఏ పదవి కావాలి, ఏ ఊళ్లో కావాలి, ఎప్పుడు చేరగలవు అని అడుగుతుంది. పదవుల పేర్లు అయిదు దాకా ఇవ్వచ్చు. అయిదు ఇవ్వచ్చన్నారు కదా అని టెస్టర్ నుంచి ప్రాడక్ట్ మేనేజర్ దాకా అన్నీ నింపేస్తే, పెళ్లిళ్ల పేరయ్యకు ‘ఎవరైనా ఫర్వాలేదు’ అని చెప్పినట్టే. నేను నింపాను. దాని ఫలితంగా నాకు వచ్చిన మొదటి మెసేజ్ బీమా పాలసీలు అమ్మే ఉద్యోగానికి.

చివర్లో అసలు ప్రశ్న వస్తుంది: ఇది ఎవరికి కనపడాలి? రెండే దారులు. All LinkedIn members అంటే ఊరందరికీ. మీ ఫొటో చుట్టూ పచ్చ రింగు పడుతుంది. 2020లో కరోనా ఉద్యోగాలు మింగుతున్నప్పుడు వచ్చింది ఆ రింగు. ఉద్యోగం పోయినవాడు అది పెట్టుకుంటే నవ్వేవాడిని నేను మనిషిగా లెక్కపెట్టను. కానీ ఉద్యోగంలో ఉన్నవాడు పెట్టుకుంటే మాత్రం, అద్దెకున్నవాడే ఇంటి గేటుకు టు-లెట్ బోర్డు కట్టినట్టుంటుంది. సాయంత్రానికి ఓనరు మెట్లెక్కి వస్తాడు.

రెండో దారి Recruiters only. బుద్ధిమంతులందరూ ఎంచుకునేది ఇదే, నేనూ ఇదే నొక్కాను. ఇక్కడ రిక్రూటర్ అంటే ప్రొఫైల్‌లో ఆ మాట రాసుకున్న ప్రతివాడూ కాదు. లింక్డిన్‌కు డబ్బు కట్టి, మనుషుల్ని వెతికే ప్రత్యేకమైన పనిముట్టు కొనుక్కున్న సంస్థల వాళ్లు. వాళ్ల తెరమీద ‘ఉద్యోగం మారడానికి సిద్ధంగా ఉన్నవాళ్లను మాత్రమే చూపించు’ అనే ఫిల్టర్ ఉంటుంది. ఒక్క నొక్కుతో మనమంతా వరసలో నిలబడతాం.

మరి మన సొంత కంపెనీ హెచ్‌ఆర్ కూడా అదే పనిముట్టు వాడుతుంది కదా? వాడుతుంది. ఆ సంగతి లింక్డిన్‌కు తెలుసు. మీ కంపెనీ రిక్రూటర్లకు కనపడకుండా చర్యలు తీసుకుంటామంటుంది, పూర్తి గోప్యతకు హామీ మాత్రం ఇవ్వలేమని కిందే రాస్తుంది. ఆ రెండో వాక్యం నేనూ చదివాను. సిగరెట్ పెట్టె మీద బొమ్మను చూసినట్టు చూసి ముందుకెళ్లిపోయాను.

ఆ చర్యల వెనక గూఢచారులెవరూ లేరు. మీ ప్రొఫైల్‌లో ప్రస్తుత ఉద్యోగం కింద ఏ కంపెనీ పేజీ ఉంది, వెతుకుతున్న రిక్రూటర్ ఏ కంపెనీ మనిషి, ఈ రెండూ ఒకటేనా? ఒకటైతే దాస్తుంది. కాకపోతే చూపిస్తుంది. అంటే మీ కంపెనీ తరఫున మనుషుల్ని వెతికిపెట్టే అమీర్‌పేట కన్సల్టెన్సీకి మీరు నిక్షేపంగా కనపడతారు, ఎందుకంటే వాళ్లది వేరే కంపెనీ. వాళ్లు మీ రెజ్యూమేని మీ మేనేజర్‌కే పంపించి, ‘మంచి కుర్రాడు సార్’ అని సిఫారసు చేసే అవకాశం కూడా ఉంది.

నా కథలో కన్సల్టెన్సీ లేదు. అంతకంటే చిన్న విషయం ముంచింది. నేను చేరిన కంపెనీని రెండేళ్ల కిందట ఒక పెద్ద కంపెనీ కొనేసింది. బోర్డు మారింది, ఐడీ కార్డు తాడు రంగు మారింది, కాఫీ మెషీన్ మాయమైంది. నా ప్రొఫైల్‌లో మాత్రం పాత పేరే ఉండిపోయింది. పాత కంపెనీ పేజీ ఎప్పుడో మూతపడడంతో ఆ పేరు పక్కన లోగో ఉండాల్సిన చోట బూడిదరంగు బిల్డింగ్ బొమ్మ మిగిలింది. ఆ బొమ్మ ఉందంటే మీ కంపెనీ ఏదో లింక్డిన్‌కు తెలియదని అర్థం. ఎవరి నుంచి దాచాలో తెలియనప్పుడు అదేం దాస్తుంది? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతోంది, వంటింట్లో లైటు మాత్రం వెలుగుతూనే ఉంది.

మంగళవారం పదకొండున్నరకు స్టాండప్ మీటింగ్ నడుస్తుండగా ఫోన్ మోగింది. ఇన్‌మెయిల్, అంటే కనెక్షన్ లేకపోయినా లింక్డిన్‌లో డబ్బు కట్టినవాళ్లు పంపగలిగే మెసేజ్. పంపినావిడ మా కొత్త కంపెనీ పుణె ఆఫీసులో రిక్రూటర్. ‘మీ అనుభవం చూసి చాలా ఆకర్షితులమయ్యాం. హైదరాబాద్‌లోని మా సంస్థలో మీకు సరిగ్గా సరిపోయే ఖాళీ ఉంది.’ కింద జాబ్ డిస్క్రిప్షన్. చదువుతుంటే ఎక్కడో విన్నట్టనిపించింది. నాలుగో లైనులో automation అని ఉండాల్సిన చోట automaton అని ఉంది. అప్పుడు గుర్తుపట్టాను. అది రాసింది నేనే. మార్చిలో మా మేనేజర్ అడిగితే అరగంటలో గిలికి ఇచ్చాను. మా టీమ్‌లోకి మరమనిషి కావాలని నేనే ప్రకటన ఇచ్చి, నాకే పంపించుకున్నాను. జీతం కూడా రాశారు. నా జీతం కంటే ఆరు లక్షలు ఎక్కువ.

ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం నా పరిస్థితి ఆలోచించాలి. నా కుర్చీకి పక్క కుర్చీ, అదే పని, అదే మేనేజర్, ఆరు లక్షలు ఎక్కువ. అర్హత ఒక్కటే: ఇప్పటికే అక్కడ పని చేస్తూ ఉండకూడదు.

జవాబివ్వాలా, మౌనంగా ఉండాలా? ఇన్‌మెయిళ్ల విషయంలో మౌనానికి ఒక ఖరీదు ఉంది. రిక్రూటర్‌కు అవి లెక్కపెట్టి ఇస్తారు, ఒక్కోటి పంపినప్పుడల్లా ఒక క్రెడిట్ పోతుంది. 90 రోజుల్లోగా మనం ఏదో ఒక జవాబిస్తే ఆ క్రెడిట్ వాళ్లకు తిరిగి వస్తుంది. ‘వద్దండీ’ అన్నా సరే. కాబట్టి మర్యాదగా కాదనడం కూడా దానమే, పైసా ఖర్చు లేని దానం. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నేను ఇన్‌మెయిల్ వచ్చిన ప్రతివాళ్లకూ రెండు లైన్లు రాస్తున్నాను. కనెక్షన్ కలిపాక ఊరికే పంపే మామూలు మెసేజ్‌లకు ఈ పుణ్యం వర్తించదు.

వాటి సంగతీ చెప్పాలి, ఎందుకంటే స్విచ్ వేశాక వచ్చేవాటిలో ఎక్కువ అవే. ‘గ్రీటింగ్స్ ఆఫ్ ది డే’ అని మొదలై, ‘వెంటనే చేరేవాళ్లు మాత్రమే’ అని ముగుస్తాయి. మధ్యలో ప్రస్తుత సీటీసీ, ఆశించే సీటీసీ, నోటీస్ పీరియడ్, చేతిలో ఉన్న ఆఫర్లు, మారడానికి కారణం అన్నీ అడుగుతారు. కంపెనీ పేరు మాత్రం చెప్పరు. ‘ప్రముఖ ఎంఎన్‌సీ’ అంటారు. పిల్ల పేరూ ఊరూ చెప్పకుండా కట్నం ఎంత ఇస్తారని అడిగినట్టు.

మొదట్లో నేను అడిగినవన్నీ ఇచ్చేవాడిని. ఒకే వారంలో ముగ్గురు రాశారు, మూడు కన్సల్టెన్సీలు, మూడు ప్రముఖ ఎంఎన్‌సీలు. ఇద్దరికి రెజ్యూమే పంపాను. పది రోజులకు ఫోన్ వచ్చింది: ‘సార్, మీ ప్రొఫైల్ ఇంకో వెండర్ ద్వారా ముందే వచ్చేసిందట, డూప్లికేట్ చూపిస్తోంది.’ ఆ ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే ఖాళీ. ముందు పంపినవాడిదే హక్కు అని ఒకడు, నాకే మాట ఇచ్చారని ఇంకొకడు. వాళ్ల కమీషన్ తగాదా తేలేలోపు ఖాళీ నిండిపోయింది. నా మీద ఇద్దరికీ కోపం మిగిలింది.

ఇప్పుడు రెజ్యూమే కంటే ముందు నా ప్రశ్నలు వెళ్తాయి. క్లయింట్ ఎవరు? నేను ఎవరి పేరోల్ మీద ఉంటాను, క్లయింట్‌దా, మీదా? బడ్జెట్ ఎంత? పని నిజంగా ఉన్నవాడు గంటలో చెప్తాడు. ఊరికే రెజ్యూమేలు పోగేసుకునేవాడు ‘ముందు సీవీ షేర్ చేయండి సార్’ అంటాడు, లేదా మాయమవుతాడు. నా నోటీస్ పీరియడ్ 90 రోజులని కూడా అందులోనే రాసేస్తాను. సగంమంది అక్కడే రాలిపోతారు. మిగతా సగం ‘బై-అవుట్ ఉందా సార్’ అంటారు, అంటే డబ్బు కట్టి ముందే బయటపడే వీలుందా అని.

పుణె ఆవిడకు మాత్రం ఈ ప్రశ్నలేవీ పనికిరావు. క్లయింట్ ఎవరో నాకే బాగా తెలుసు. ‘ధన్యవాదాలండీ, ప్రస్తుతానికి మారే ఆలోచన లేదు’ అని రాశాను. అది రాసే చేతులు వణికాయి, ఎందుకంటే మారే ఆలోచన ఉందని ఆమె తెరమీద రాసిపెట్టింది కూడా నేనే. క్రెడిట్ ఆమెకు తిరిగి వెళ్లింది. ‘ఫర్వాలేదండీ, మీకు తెలిసిన మంచి టెస్టర్లు ఎవరైనా ఉంటే చెప్పండి’ అంటూ కనెక్షన్ రిక్వెస్ట్ పంపింది. కాదంటే అనుమానం వస్తుందని ఒప్పుకున్నాను.

ఆ రాత్రే కూర్చుని ప్రొఫైల్ బాగుచేశాను. పాత ఉద్యోగం తీసేసి కొత్తది కలిపాను. ఈసారి కంపెనీ పేరు టైప్ చేసి వదిలెయ్యకుండా, కిందకు జారే జాబితాలోంచి లోగో ఉన్నదాన్నే ఎంచుకున్నాను. బూడిద బిల్డింగ్ పోయి మా కంపెనీ లోగో ప్రత్యక్షమైంది. ఇక మా హెచ్‌ఆర్ కంటికి నేను కనపడకూడదు. ఎప్పుడు చేరావని అడిగితే పాత సంవత్సరాల దాకా వెనక్కి జరపడానికి బద్ధకమేసి ఈ నెలే వేశాను. పైన Notify network అని ఒక చిన్న స్విచ్ ఉంది. ఆన్‌లో ఉంది. నేను చూడలేదు.

పొద్దున లేచేసరికి నూట నలభై అభినందనలు. మా పెద్దమ్మ కొడుకు అమెరికాలోని ఎడిసన్ నుంచి పార్టీ ఎప్పుడన్నాడు. మా మేనేజర్ చప్పట్ల గుర్తు పెట్టి, కాసేపటికి తీసేశాడు. అన్నింటికంటే కింద పుణె నుంచి ఒక మెసేజ్ ఉంది.

‘కంగ్రాట్స్ అండీ! చివరికి మా కంపెనీలోనే చేరారన్నమాట, చాలా సంతోషం. ఏ వెండర్ ద్వారా వచ్చారో కాస్త చెప్తారా? మా లిస్టులో డూప్లికేట్ చూపిస్తోంది.’