అండాశయాలు ఉన్నాయా, తీసేశారా? గుండె ముప్పు లెక్క అక్కడ మొదలవుతుంది

ముట్లాగిపోయిన ఆడవాళ్లు వాడే హార్మోన్ మందుల మీద ఇరవై ఏళ్లకు పైగా ఉన్న గుండె జబ్బు హెచ్చరికను తొలగిస్తామని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 నవంబరులో ప్రకటించింది. సరైన వయసులో మొదలుపెడితే గుండె ముప్పు సగం దాకా తగ్గవచ్చన్న మాట కూడా ఆ ప్రకటనతో పాటు వచ్చింది. ఆ వార్త ఒంగోలు, నెల్లూరు దాకా వచ్చేసరికి 'హార్మోన్ వేసుకుంటే గుండెకు మంచిది' అన్న ఒక్క ముక్కగా మారితే మాత్రం చిక్కే. ఆ మందు ఎవరికి అన్న ప్రశ్నకు మన జిల్లాల్లో రెండు వేర్వేరు జవాబులున్నాయి. ఒకటి, వయసొచ్చి సహజంగా ముట్లాగిన మనిషికి. రెండోది, ముప్పైల్లోనే 'సంచి ఆపరేషన్' అయిన మనిషికి. ఈ రెండో మనిషి మన దగ్గర అరుదు కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం దేశంలోకెల్లా ఎక్కువగా కనబడింది ఆంధ్రప్రదేశ్‌లోనే. 15 నుంచి 49 ఏళ్ల లోపు వాళ్లలో దాదాపు 9 శాతం.

ముందు, ముప్పు ఎందుకు పెరుగుతుందో చూద్దాం. అండాశయాలు ఈస్ట్రోజెన్ హార్మోన్ తయారు చేస్తున్నన్నాళ్లూ కాలేయం రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను, అంటే ఎల్‌డీఎల్‌ను, చురుగ్గా లాగేసుకుంటుంది. రక్తనాళాల లోపలి పొర సాగుతూ, ముడుచుకుంటూ మెత్తగా ఉంటుంది. కొవ్వు పిరుదులు, తొడల దగ్గర చేరుతుంది తప్ప పొట్టలో పేరుకోదు. ఈస్ట్రోజెన్ పడిపోగానే ఈ మూడూ తిరగబడతాయి. చివరి నెలసరికి అటూ ఇటూ ఏడాది వ్యవధిలోనే ఎల్‌డీఎల్ పది శాతం దగ్గర దాకా పెరుగుతుందని అమెరికాలో ఆడవాళ్లను ఏళ్ల తరబడి అనుసరించిన స్వాన్ అధ్యయనం చూపింది. ఇది వయసుతో మెల్లగా వచ్చే పెరుగుదల కాదు, ఆ ఒకటి రెండేళ్లలో ఒక మెట్టు ఎక్కడం. 44వ ఏట చేయించిన కొలెస్ట్రాల్ పరీక్ష బాగుందని 50 దాకా ధీమాగా ఉంటే ఈ మెట్టు కంటపడదు. మన దేశంలో ముట్లాగే సగటు వయసు 46, 47 ఏళ్లు. పాశ్చాత్య దేశాల్లో 51. అంటే మనవాళ్లు ఆ మెట్టు నాలుగైదేళ్లు ముందే ఎక్కుతున్నారు.

మరి పోయిన ఈస్ట్రోజెన్‌ను మాత్రగా ఇస్తే సరిపోదా? 1990లలో వైద్యులు సరిగ్గా ఇలాగే అనుకున్నారు. హార్మోన్ వాడే ఆడవాళ్లలో గుండెపోట్లు తక్కువగా కనబడేవి. వాళ్లు మామూలుగానే చదువుకున్నవాళ్లు, డాక్టర్ దగ్గరికి క్రమంగా వెళ్లేవాళ్లు అన్న సంగతి లెక్కలో సరిగా పట్టుబడలేదు. అసలు పరీక్ష అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనంతో జరిగింది. గర్భసంచి ఉన్న 16,608 మందిలో కొందరికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు కలిపిన మాత్ర, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 2002లో మధ్యలోనే ఆపేశారు. ఏడాదికి పదివేల మందిలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 30 మందికి గుండె జబ్బు దెబ్బ తగిలితే, హార్మోన్ వేసుకున్నవారిలో 37 మందికి తగిలింది. పక్షవాతం, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు, రొమ్ము క్యాన్సర్ కూడా ఒక్కోటి దాదాపు ఎనిమిదేసి కేసులు పెరిగాయి.

ఆ లెక్క తప్పు కాదు. అయితే అందులో చేరినవారి సగటు వయసు 63. చాలామందికి ముట్లాగి పదేళ్లు దాటింది. అప్పటికే నాళాల గోడల్లో కొవ్వు పాచి పేరుకున్నవాళ్లకు ఈస్ట్రోజెన్ మాత్ర ఇస్తే ఏమవుతుంది? నోటి ద్వారా వేసుకున్న మాత్ర ముందు కాలేయంలోకి వెళ్లి, రక్తం గడ్డకట్టించే పదార్థాల తయారీని పెంచుతుంది. పాచి ఉన్న నాళంలో గడ్డ కట్టే గుణం పెరిగితే ఫలితం ఊహించవచ్చు. నాళం ఇంకా శుభ్రంగా ఉన్నప్పుడు మొదలుపెడితే కథ వేరు. 643 మందితో జరిగి 2016లో వెలువడిన ఎలైట్ పరీక్షలో, ముట్లాగి ఆరేళ్లలోపు ఈస్ట్రాడయోల్ అనే ఈస్ట్రోజెన్ మొదలుపెట్టినవారి మెడ నాళం గోడ మందం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి కంటే నెమ్మదిగా పెరిగింది. పదేళ్లు దాటాక మొదలుపెట్టినవారిలో ఏ తేడా లేదు. అయితే మెడ నాళం మందం నెమ్మదిగా పెరగడం, గుండెపోటు తప్పడం ఒకటి కాదు. అందుకే సహజంగా ముట్లాగినవాళ్ల విషయంలో నా అభిప్రాయం ఇది: వేడి ఆవిర్లు, రాత్రి చెమటలతో నిద్ర పట్టని 50 ఏళ్ల మనిషికి హార్మోన్ మంచి మందు. గుండె కోసం మాత్రమే ఎవరికీ రాసివ్వాల్సిన మందు కాదు.

చిన్నవయసులో అండాశయాలు పోగొట్టుకున్న మనిషికి ఈ వాక్యం వర్తించదు. ఆమెకు హార్మోన్ అదనంగా వేసేది కాదు, ఉండాల్సింది తిరిగి ఇవ్వడం. బ్రిటన్‌లో 1,44,000 మంది ఆడవాళ్ల వివరాలను పరిశీలించి 2019లో ప్రచురించిన విశ్లేషణలో, నలభై లోపు సహజంగా ముట్లాగినవారిలో గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు మూడో వంతుకు పైగా ఎక్కువ ఉంది. నలభై లోపు ఆపరేషన్‌తో అండాశయాలు తీసేసినవారిలో దాదాపు 87 శాతం ఎక్కువ. సహజంగా అయితే ఈస్ట్రోజెన్ కొన్నేళ్ల పాటు మెల్లగా తగ్గుతుంది. ఆపరేషన్ అయితే తెల్లారేసరికి పోతుంది.

ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. టంగుటూరు వైపు ఊళ్లో పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్లే 41 ఏళ్ల మనిషి. అధిక రక్తస్రావం అని 36వ ఏట గర్భసంచి తీశారు. 'ఎలాగూ కోస్తున్నాం కదా, క్యాన్సర్ భయం లేకుండా అండాలు కూడా తీసేద్దాం' అన్నారు. ఇంట్లోవాళ్లు సరేనన్నారు. (కుటుంబంలో వంశపారంపర్య క్యాన్సర్ లేని మామూలు మనిషికి జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి ఒకరు. ఆ ఒక్క శాతం కోసం నాళాల రక్షణను ముప్పైల్లోనే వదులుకోవడం లాభసాటి బేరం కాదు.) ఆపరేషన్ తర్వాత కాల్షియం మాత్రలు రాసిచ్చారు. ఆవిర్లకు మూడు నెలలు హార్మోన్ వాడింది, ఆవిర్లు తగ్గగానే ఆపేసింది. 'క్యాన్సర్ వస్తుందంటమ్మా' అని పక్కింటివాళ్లు కూడా అన్నారు. ఇక్కడే అసలు పొరపాటు జరిగింది. ఆవిర్లు ఆగినా నాళాలకు ఈస్ట్రోజెన్ లోటు ఆగలేదు. పైగా క్యాన్సర్ భయం పుట్టించిన 2002 లెక్క, సగటున 63 ఏళ్లున్నవాళ్లు రెండు హార్మోన్లు కలిపి వాడినప్పటిది. గర్భసంచి తీసేసినవాళ్లకు ఒక్క ఈస్ట్రోజెన్ ఇచ్చిన రెండో పరీక్షలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు.

ఇప్పుడు ఆమె బీపీ 138/88. ఎల్‌డీఎల్ 148. మూడు నెలల సగటు షుగర్ 6.1, అంటే షుగర్ ముంగిట. నడుము చుట్టుకొలత 92 సెంటీమీటర్లు, దర్జీ టేపుతో 36 అంగుళాలు. మన ఆడవాళ్లకు 80 దాటితేనే హెచ్చరిక. ఈ అంకెలను కంప్యూటర్‌లో గుండె ముప్పు లెక్కకట్టే పట్టికలో వేస్తే 'తక్కువ ముప్పు' అని వస్తుంది. వయసు 41 కదా! ముట్లు ఎప్పుడు ఆగాయని ఆ పట్టిక అడగదు. నలభై లోపు ముట్లాగడం ముప్పును పెంచే అంశమని 2018 అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు విడిగా చెప్పింది అందుకే. డాక్టర్‌కు మనమే చెప్పాలి.

చెప్పాలంటే ముందు ఏం తీశారో తెలియాలి. చాలామందికి తెలియదు. 'సంచి తీసేశారు' అంటారు, అండాశయాల సంగతి అడిగితే భర్త వైపు చూస్తారు. డిశ్చార్జి కాగితంలో టీఏహెచ్ అని మాత్రమే ఉంటే గర్భసంచి తీసినట్టు. పక్కన బీఎస్ఓ అని కూడా ఉంటే రెండు అండాశయాలూ పోయినట్టు. కాగితం పోతే రక్తంలో అండాశయాలను పనిచేయించే ఎఫ్ఎస్‌హెచ్ హార్మోన్, ఈస్ట్రాడయోల్ చూడాలి. ఎఫ్ఎస్‌హెచ్ నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండుసార్లూ బాగా ఎక్కువగా ఉంటే అండాశయాలు లేనట్టో, పని మానినట్టో లెక్క. గర్భసంచి లేని మనిషికి నెలసరి ఎలాగూ రాదు కాబట్టి ఆగిందో లేదో బయటికి కనబడదు. అండాశయాలు ఉంచినా, సంచి తీసినవాళ్లలో అవి కొన్నేళ్లు ముందే అలసిపోతాయి. వాళ్లకూ ఈ పరీక్ష పనికొస్తుంది.

ఈ మనిషికి రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డలు, పక్షవాతం, కాలేయ జబ్బు ఏవీ లేవనుకుందాం. అప్పుడు ఈస్ట్రోజెన్ మళ్లీ మొదలుపెట్టి 50 దాటేవరకూ కొనసాగించాలి. యాభై దాటినవాళ్లకు ఆవిర్ల కోసం ఇచ్చే చిన్న మోతాదు ఈ వయసుకు చాలదు. మాత్రగా అయితే తరచుగా రోజుకు 2 మిల్లీగ్రాముల ఈస్ట్రాడయోల్ అవసరమవుతుంది. బరువు, బీపీ, రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు ఎక్కువగా ఉంటే చేతికి లేదా తొడకు రాసుకునే జెల్ మేలు. అది చర్మం నుంచి నేరుగా రక్తంలోకి వెళ్తుంది, కాలేయాన్ని ముందుగా తాకదు, గడ్డలు కట్టే గుణాన్ని మాత్ర అంతగా పెంచదు. రాసుకున్నాక ఆరనివ్వాలి, ఆ చోటును చంటిపిల్లలకు తగలనివ్వకూడదు. గర్భసంచి లేదు కాబట్టి మామూలుగా ప్రొజెస్టిరోన్ అక్కర్లేదు. అదే గర్భసంచి ఉన్న మనిషి ఒక్క ఈస్ట్రోజెనే వాడితే లోపలి పొర మందమై క్యాన్సర్ దాకా పోవచ్చు. ఆమెకు ప్రొజెస్టిరోన్ తప్పనిసరి. ఇంకో మాట. తిరుమలకు వెళ్లేటప్పుడు నెలసరి వాయిదాకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర కూడా 'హార్మోనే', కానీ అందులో ఈస్ట్రోజెన్ ఉండదు. దానికీ దీనికీ సంబంధం లేదు.

హార్మోన్ మొదలుపెట్టాక ఆమె ఎల్‌డీఎల్ కొంత దిగవచ్చు. బీపీ దిగుతుందని ఆశ పెట్టుకోకూడదు. వారం పాటు ఇంట్లో పొద్దున, సాయంత్రం బీపీ రాసుకోవాలి. సగటు 135/85 దాటితే బీపీ మందు వేరే. ఆవకాయ, ఎండుచేపలు కలిపి రోజు మొత్తం ఉప్పు ఒక చిన్న చెంచాకు, అంటే 5 గ్రాములకు, పరిమితం. మూడు నెలల తర్వాత ఎల్‌డీఎల్ మళ్లీ చూడాలి. ఇంకా 130 పైనే ఉంటే, ముట్లాగిన వయసును కూడా లెక్కలోకి తీసుకుని, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. హార్మోన్ వాడుతున్నాం కదా అని స్టాటిన్‌ను దాటవేయడం తరచూ జరిగే తప్పు.

ఇదే ఇంట్లో ఆమె అత్తకు 62 ఏళ్లనుకుందాం. నలభై ఎనిమిదో ఏట సహజంగా ముట్లాగాయి. ఎనిమిదేళ్లుగా షుగర్, బీపీ 150/90. కోడలికి మంచిదైంది నాకూ రాయండి అంటుంది. ఆమెకు ముట్లాగి 14 ఏళ్లయింది. వేడి ఆవిర్లు లేవు. ఒంటికంతటికీ వెళ్లే హార్మోన్ ఈ వయసులో కొత్తగా మొదలుపెడితే దక్కే లాభం లేదు, పక్షవాతం ముప్పు మాత్రం ఉంది. ఆమె గుండెకు కావలసింది బీపీ మందు, షుగర్ ఉన్నందుకు స్టాటిన్. అయితే మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్, యోని పొడిబారి మంట ఉన్నాయని నెమ్మదిగా అడిగితే చెబుతుంది. దానికి లోపల రాసుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీమ్ ఉంది. అది రక్తంలోకి చాలా తక్కువ చేరుతుంది, అరవై రెండులోనూ వాడుకోవచ్చు. ఆ క్రీమ్‌తో మంట తగ్గుతుంది, గుండెకు జరిగేది మాత్రం ఏమీ ఉండదు.