స్విచ్ మూస్తే ఎనర్జీ పెరుగుతుందా, తగ్గుతుందా? ముందు బ్యాటరీ సంగతి చెప్పండి

కెపాసిటర్ల బొమ్మను ఫొటో తీసి "సార్, స్విచ్ మూశాక ఎనర్జీ ఎంత?" అని వాట్సాప్‌లో పంపే ఇంటర్ పిల్లలతో నాకు పేచీ లేదు. నా కోపమంతా ఆ ఫొటో చూసీ చూడగానే జవాబు చెప్పేసే మేధావుల మీద. బొమ్మ ఒక్కటే ఉండి, బ్యాటరీ ఉంచారో తీసేశారో చెప్పే కింది వాక్యం ఫొటోలో పడకపోతే ఆ ప్రశ్నకు రెండు జవాబులుంటాయి.

బాగా తెలిసిన లెక్కే తీసుకుందాం. 12 వోల్టుల బ్యాటరీకి రెండు వరుసలు కలిపారు. పై వరుసలో ముందు 3, తర్వాత 6 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు. కింది వరుసలో అవే తారుమారుగా, ముందు 6, తర్వాత 3. రెండు వరుసల మధ్య బిందువులను కలుపుతూ ఒక స్విచ్.

స్విచ్ తెరిచి ఉంటే ఒక్కో వరుస సీరీస్, అంటే 2 మైక్రోఫారడ్లు. రెండు వరుసలూ పారలల్ కాబట్టి మొత్తం 4. స్విచ్ మూస్తే ఎడమవైపు 3, 6 పారలల్ అయి 9 అవుతాయి, కుడివైపూ అంతే. రెండు తొమ్మిదులు సీరీస్‌లో 4.5. ఇక్కడిదాకా ఎవరూ తప్పు చేయరు. (కింది వరుస కూడా 3, 6 క్రమంలోనే ఉంటే స్విచ్ రెండు చివరలా ఒకే వోల్టేజ్ ఉండేది, మూసినా ఏమీ మారేది కాదు. మసక ఫొటోలో ఆ అంకెలను సరిగ్గా చదవాల్సింది అందుకే.)

అసలు గొడవ ఎనర్జీ దగ్గర. స్విచ్ మూయకముందు ½CV² ప్రకారం 288 మైక్రోజౌళ్లు. బ్యాటరీ అలాగే ఉంటే వోల్టేజ్ 12 దగ్గరే నిలుస్తుంది, కాబట్టి మూశాక 324. పెరిగింది. అదే బ్యాటరీని ముందే తీసేసి స్విచ్ మూస్తే నిలిచేది వోల్టేజ్ కాదు, చార్జ్. మూయకముందు చేరిన 4 × 12 = 48 మైక్రోకూలుంబులు ఎటూ పోలేవు. అప్పుడు వాడాల్సింది Q²/2C, వచ్చేది 256. అంటే 32 తగ్గింది! బొమ్మ అదే, కెపాసిటెన్స్ అదే 4 నుంచి 4.5. "కెపాసిటెన్స్ పెరిగింది కదా, ఎనర్జీ కూడా పెరుగుతుంది" అని చెప్పేవాళ్లు రెండో సందర్భంలో ఏం చెబుతారో!

ఈ 32 మైక్రోజౌళ్లు ఎక్కడికి పోయాయని అడిగితే చాలామంది నీళ్లు నములుతారు. మూయకముందు స్విచ్ ఒక చివర 4 వోల్టులు, రెండో చివర 8 వోల్టులు. మూయగానే చార్జ్ పరుగెత్తింది, ఆ ఎనర్జీ తీగల్లో, స్విచ్‌లో వేడిగా పోయింది. ఆ తీగల రెసిస్టెన్స్ తగ్గించినా పోయేది తగ్గదు. కరెంట్ ఎక్కువై, పని త్వరగా అయిపోతుంది, అంతే.

బ్యాటరీ ఉన్నప్పుడు కూడా వేడి తప్పదు. ఎనర్జీ 36 పెరిగింది కాబట్టి బ్యాటరీ 36 ఇచ్చిందని రాసిన జవాబులు చూశాను. తప్పు. కొత్తగా 6 మైక్రోకూలుంబులు 12 వోల్టుల దగ్గర ఇచ్చింది, అంటే 72. సగం కెపాసిటర్లలో చేరింది, మిగతా 36 వేడైపోయింది.