చూడకుండా ఉండటం నేర్చుకున్న నగరం

“ఎక్కడో లేని లోకం గురించి చదివితే మన ఊరు కొత్తగా ఎందుకు కనిపించాలి?” అని ఒకరు అడిగారు.

బ్రిటిష్ రచయిత చైనా మియేవిల్ 2009లో రాసిన నవల ‘ది సిటీ అండ్ ది సిటీ’లో రెండు నగరాలు ఒకే నేల మీద కలగలిసి ఉంటాయి, వాటిని వేరుచేసేది, పక్కనే నడుస్తున్న పరాయి నగరవాసిని గమనించిన మరుక్షణమే చూడనట్టు ఉండిపోయే, చిన్ననాటి నుంచి అబ్బిన అలవాటు. సైన్స్ ఫిక్షన్‌లో కథాలోకాన్ని మన లోకం నుంచి విడదీసే కొత్త అంశాన్ని విమర్శకుడు డార్కో సువిన్ ‘నోవమ్’ అన్నాడు. ఇక్కడ అది యంత్రం కాదు, నియమం. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర కారు అద్దం తట్టే పిల్లవాడి నుంచి చూపు తిప్పుకోవడం మనకు (నాకైతే తప్పకుండా) అసంకల్పితంగా తోస్తుంది; నవలలో అదే పని, తప్పితే శిక్ష పడే విధి కావడంతో, అది సాధనతో వచ్చిన నైపుణ్యమని తెలుస్తుంది. అయితే ఆ నగరాలను ఫలానా విభజనకు ప్రతీకగా కుదిస్తే, వింతదనం పొడుపుకథగా మారి, జవాబు దొరకగానే ఆరిపోతుంది.