ముఖ్య అతిథికి హిందీలో మర్యాద

శ్రీకాకుళం జిల్లాలో ప్రైవేటు బడి నడపాలంటే ప్రభుత్వం బోలెడు కాగితాలు అడుగుతుంది. భవనం గట్టిదేనా, నిప్పంటుకుంటే ఆర్పే ఏర్పాటుందా, పిల్లలకి ఆటస్థలం ఉందా అని అడుగుతుంది. వార్షికోత్సవం నాడు ముఖ్య అతిథికి హిందీలో స్వాగతం చెప్పే పిల్ల ఉందా అని మాత్రం అడగదు. అయినా మన బడులు ఆ ఒక్క విషయంలో ఎన్నడూ లోటు రానివ్వలేదు. ఆటస్థలం లేని బడిని చూశాను గాని, హిందీ స్వాగతం లేని వార్షికోత్సవాన్ని ఇంతవరకూ చూడలేదు.

ఎందుకు హిందీలోనే అని కొందరు అమాయకంగా అడుగుతుంటారు. వేదిక మీదున్నవాళ్లు తెలుగువాళ్లు, కింద కూర్చున్నవాళ్లు తెలుగువాళ్లు, షామియానా వేసినవాడూ తెలుగువాడే. కారణం సరిగ్గా అదే. తెలుగులో చెబితే అందరికీ అర్థమవుతుంది. అతిథిగారు 'నిరంతర విద్యాసేవకులు' అనగానే వెనక వరసలోంచి ఎవరో ఒకరు 'ఏ బడికి చేశారో' అంటారు. ఇంగ్లీషులో చెబుదామంటే ప్రిన్సిపల్‌గారు వార్షిక నివేదిక చదవడానికి దాన్ని ముందే రిజర్వు చేసుకున్నారు. ఇక మిగిలింది హిందీ. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో మిగతా సబ్జెక్టులకి నూటికి 35 వస్తేగాని పాస్ కానివ్వని మన రాష్ట్రం, రెండో భాషగా హిందీకి 20 వస్తే చాలంటుంది. ఏడాదంతా అంత చనువుగా చూసిన సబ్జెక్టుని ఒక్క సాయంత్రమైనా మైకు ముందు నిలబెట్టి గౌరవించాలి కదా.

ఈ ప్రసంగాన్ని ఎవరూ రాయరు. అది ఉంటుంది, అంతే. హిందీ మేడమ్ బీరువాలో అట్ట ఊడిపోయిన ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. ఆమెకి అది ముందు పనిచేసిన మాస్టారి దగ్గర్నుంచి వచ్చింది, ఆయనకి ఇంకెవరి దగ్గర్నుంచో. 'ఆదరణీయ్ ముఖ్య అతిథి మహోదయ్' అని మొదలవుతుంది. తర్వాత మాననీయ్ ప్రధానాచార్య్ జీ, శిక్షక్ గణ్, అభిభావక్ గణ్, చివర్లో మేరే ప్యారే సాథియో. ఈ వరస తప్పకూడదు. కరస్పాండెంట్‌గారిని ప్రిన్సిపల్ తర్వాత పలికిన ఏడాది బడిలో ఏం జరిగిందో ఆ మేడమ్‌ని అడిగితే ఇప్పటికీ మాట మార్చేస్తారు. 'సాథియో' దగ్గర కూడా ఒక ఇబ్బంది ఉంది. పిలిచేటప్పుడు చివర ముక్కుతో పలకకూడదు, 'సాథియోం' అంటే తప్పు. కానీ ముక్కుతో అంటేనే హిందీలా ఉంటుందని మన పిల్లల గట్టి నమ్మకం. అందుకని అవసరం లేనిచోట కూడా ఒక సున్నా ఉదారంగా పడుతూ ఉంటుంది.

ఆ తర్వాత అసలు సరుకు. హర్ష్, ఉల్లాస్, గౌరవ్, సౌభాగ్య్, బహుమూల్య్ సమయ్. అతిథి రాకతో సమారోహ్‌కి నాలుగు చందమామలు అతుక్కున్నాయని కూడా ఉంటుంది. హిందీలో అది మంచి నుడికారమే, సైన్సు మాస్టారు మాత్రం ఆ వాక్యం వచ్చిన ప్రతిసారీ నేల చూపులు చూస్తారు. మొత్తం మూడు నిమిషాలు. ఈ ప్రసంగంలో గొప్పతనమేమిటంటే ఆ వచ్చిన మనిషి గురించి ఒక్క మాట కూడా ఉండదు. అందుకే ఎవరొచ్చినా సరిపోతుంది. తహసీల్దారొచ్చినా, టీవీ నటుడొచ్చినా, స్థలదాత తోడల్లుడొచ్చినా అదే హర్ష్, అదే ఉల్లాస్.

సరిపోనిది ఒక్క సందర్భంలోనే. అది ఈ జనవరిలో, సంక్రాంతి వెళ్లాక, నరసన్నపేట దగ్గర ఒక బడిలో చూశాను. ముఖ్య అతిథిగా ఒక విశ్రాంత అధికారి రావాలి. ఫ్లెక్సీలో ఆయన బొమ్మ కూడా వేశారు. సాయంత్రం ఐదింటికి ఆయనకి బీపీ పెరిగిందని ఫోనొచ్చింది. కరస్పాండెంట్‌గారు నాలుగు ఫోన్లు తిప్పి, ఆరున్నరకల్లా ఒక మహిళా అధికారిని ఒప్పించారు. అందరూ అమ్మయ్య అనుకున్నారు, ఒక్క హిందీ మేడమ్ తప్ప. నోట్‌బుక్‌లో ఉన్నదంతా మగ అతిథి.

తెలుగులో ఈ బెడదే లేదు. కలెక్టరయ్య వచ్చినా కలెక్టరమ్మ వచ్చినా 'మీరు విచ్చేశారు' అంటాం, పనైపోతుంది. హిందీలో మగవారైతే 'పధారే హై', ఆడవారైతే 'పధారీ హై'. అది చాలదన్నట్టు మాట్లాడే పిల్లని బట్టి కూడా క్రియ మారుతుంది. అబ్బాయైతే 'స్వాగత్ కర్తా హూ', అమ్మాయైతే 'కర్తీ హూ'. కిందటేడు ఆ కాగితం ఒక అబ్బాయి చదివాడు. ఈ ఏడు తొమ్మిదో తరగతి అమ్మాయి చదవాలి. ఆ 'కర్తా'ని 'కర్తీ' చెయ్యడానికే వారం రోజులు పట్టింది. ఇప్పుడు అతిథి కూడా మారిపోయింది.

ఆ పిల్లకి మొదటి డాన్సులో ఝాన్సీ లక్ష్మీబాయి వేషం. మళ్లీ బట్టలు మార్చుకునే టైము లేదని కిరీటం, డాలు, అట్టకత్తితోనే స్వాగతం చెప్పాలని నిర్ణయించారు. మేడమ్ తెర వెనక ఆమె చెయ్యి పట్టుకుని, ఊపిరాడకుండా ఒక సూత్రం చెప్పారు: 'అమ్మా, లేడీ గెస్టు. మహోదయ్ కాదు, మహోదయా. ఏ అని ఉన్నచోటల్లా ఈ అనీ. అంతే.'

పిల్ల తెలివైనది. చెప్పింది చెప్పినట్టు చేసింది. మహోదయా అంది. 'పధారీ హై' అంది. ఒకచోట 'ఉపస్థిత్ హుయే' అలాగే ఉండిపోయింది గాని, అతిథిగారి పేరు అంతకు ముందే వినిపించడంతో ఆ చప్పట్లలో కొట్టుకుపోయింది. పేరు ఒక్కటే అందరికీ అర్థమయ్యే మాట కాబట్టి చప్పట్లు అక్కడే పడతాయి. చిక్కు ఆ తర్వాత వాక్యంలో వచ్చింది. 'ఆప్‌నే హమారా నిమంత్రణ్ స్వీకార్ కియా' అని ఉంది కాగితంలో. లేడీ గెస్టు కదా అని పిల్ల ఇంకాస్త జాగ్రత్తపడి 'స్వీకార్ కీ' అంది.

అసలు అక్కడ మార్చక్కర్లేదు. జరిగిపోయిన పనికి కర్త పక్కన ఈ 'నే' చేరితే, క్రియ ఇక ఆ మనిషి మగో ఆడో పట్టించుకోదు, కర్మనే చూస్తుంది. అంగీకరించింది నిమంత్రణ్‌ని. నిమంత్రణ్ పుంలింగం. కాబట్టి ఎవరు అంగీకరించినా 'కియా'నే. చివరి నిమిషంలో అతిథి మారిపోయే మన జిల్లాల కోసమే హిందీవాళ్లు ఈ 'నే'ని కనిపెట్టారేమో అనిపిస్తుంది. కాగితమంతా ఈ 'ఆప్‌నే' వాక్యాలతో రాసుకుని, 'మై' బదులు 'హమ్ సబ్ ఆప్‌కా స్వాగత్ కర్తే హై' అని పెట్టుకుంటే, ఏ పిల్ల చదివినా ఏ అతిథి వచ్చినా అక్షరం మార్చక్కర్లేదు. మారేది మహోదయ్ ఒక్కటే. కానీ నోట్‌బుక్‌ని దిద్దడమంటే పెద్దల్ని తప్పుపట్టడం. మన బడుల్లో అది క్రమశిక్షణ కిందికి వస్తుంది.

'స్వీకార్ కీ' దగ్గర ఎవరైనా ఉలిక్కిపడతారేమోనని చుట్టూ చూశాను. వేదిక మీద ఉలిక్కిపడే స్తోమత ఉన్నవాళ్లు లేరు. హిందీ మేడమ్ మాత్రం తెర పక్కన కళ్లు మూసుకున్నారు. అతిథిగారు పొందూరు ఖద్దరు శాలువా భుజం మీంచి జారకుండా సర్దుకుంటూ చిరునవ్వుతో ఉన్నారు.

వెనక వరసలో మాత్రం హిందీ బాగా వచ్చినవాళ్లున్నారు. మన తీరప్రాంతాల మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయి పడవల మీద పనిచేస్తారని అందరికీ తెలిసిందే. అలాంటి పడవల మీద ఏళ్లకేళ్లు గడిపి ఇప్పుడు ఊళ్లో ఉంటున్న ఒకాయన, మనవరాలి డాన్సు చూడ్డానికొచ్చి నా ముందు కూర్చున్నాడు. జీతం బేరమాడడం, డీజిల్ లెక్క అడగడం, సేటుతో పోట్లాడడం, అన్నీ ఆయన హిందీలోనే చేసుకొచ్చాడు. ఆయన భార్యవైపు వంగి, 'ఏటంతందే ఆ పిల్ల?' అన్నాడు.

'నీకే కదా ఇందీ వచ్చు, నన్నడుగుతావేటి?'

'మా సేటు ఎప్పుడూ ఇలగ మాటాడ్నేదు.'

వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లా ఇది. ఆయన తెలుగు సంగతి చూసుకున్నారు గాని హిందీ జోలికి వెళ్లలేదు. ఆ చిన్న సందు దొరికినందుకే గ్రాంథికం మన బడుల్లో ఇలా హిందీ వేషంలో క్షేమంగా బతుకుతోంది.

అతిథిగారి వంతు వచ్చింది. 'ధన్యవాద్' అన్నారు. తర్వాత ఇంగ్లీషులో రెండు వాక్యాలు, ఆపైన తెలుగు. తాను ఆమదాలవలసలో సర్కారు బడిలోనే చదువుకున్నానని, హిందీలో ఎప్పుడూ ఇరవై ఒకటో ఇరవై రెండో వచ్చేవని చెప్పారు. జనం పడిపడి నవ్వారు. ఆ సాయంత్రం మొత్తమ్మీద నిజమైన చప్పట్లు అప్పుడే పడ్డాయి.

కార్యక్రమం అయ్యాక, టిఫిన్ల దగ్గర హిందీ మేడమ్‌తో మాట కలిపాను. ఆమెకి హిందీ నిజంగానే బాగా వచ్చు. ప్రచార సభ ప్రవీణ్ దాకా చదివారు. ప్లేటు పక్కన పెట్టి, పేపర్ నాప్‌కిన్ మీద అప్పటికప్పుడు రాసి చూపించారు: 'ఆజ్ హమారే స్కూల్ కా వార్షికోత్సవ్ హై. హమ్ సబ్ ఆప్‌కా స్వాగత్ కర్తే హై. ఆప్‌నే భీ ఆమదాలవలస కే సర్కారీ స్కూల్ మే పఢాయీ కీ థీ. ఆప్‌కో యహా దేఖ్‌కర్ హమే బహుత్ ఖుషీ హుయీ.' అంతే, నాలుగు వాక్యాలు. వేరావల్ పెద్దాయనకి ఒక్క ముక్క పొల్లు పోకుండా అర్థమవుతాయి. పైగా మూడో వాక్యంలో 'కీ' సరైనదే, పఢాయీ స్త్రీలింగం కాబట్టి. పిల్ల తప్పు చోట వాడిన 'కీ'కి ఆమె సరైన చోటు చూపించారు. అతిథిగారి చదువు గురించి ముందే ఒక ఫోన్ చేసి కనుక్కుంటే చాలు కదా అన్నాను. 'ఆవిడ వస్తారని నాకే ఆరున్నరకి తెలిసింది సార్' అన్నారు.

ఈలోగా బొబ్బిలి వీణ బొమ్మని గాజుపెట్టెతో సహా అతిథిగారి కారులో పెట్టించి కరస్పాండెంట్‌గారు మా దగ్గరికొచ్చారు. నాప్‌కిన్ తీసుకుని చదివారు. ఆయనకి హిందీ రాదు, అయినా మొత్తం అర్థమైంది. అక్కడే ఆయన ముఖం మారింది.

'బానే ఉందమ్మా,' అన్నారు, 'కానీ పేరెంట్స్ హిందీకి వేరే ఫీజు కడుతున్నారు. వాళ్లందరికీ ఇలా అర్థమైపోతే, మనం పిల్లలకి హిందీ చెబుతున్నామని ఎలా నమ్ముతారు?'