సున్నా ఇళ్లను తీసేయొద్దు, టోబిట్ గుణకాన్ని నేరుగా చదవొద్దు

“ఖర్చుల సర్వేలో చాలామంది సున్నా అని చెబితే ఆ ఇళ్లను తీసేసి, ఖర్చు పెట్టినవాళ్లతోనే రిగ్రెషన్ వేయండి. అలా వద్దనుకుంటే సున్నాలు ఎక్కువున్న డేటాకు వాడే టోబిట్ నమూనా వేయండి. అందులో వచ్చిన గుణకమే ఆదాయం పెరిగితే ఖర్చు ఎన్ని రూపాయలు పెరుగుతుందో చెబుతుంది. ఏ సున్నాకైనా టోబిట్ సరిపోతుంది.”

ఈ మూడు సలహాలూ తప్పే. ఎందుకో చూడటానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు ఇళ్లలో పిల్లల ట్యూషన్ ఖర్చు అడిగాం. నెలకు 10 వేలు వచ్చే ఇళ్లు సగం, 30 వేలు వచ్చేవి సగం. ఈ అంకెలు లెక్క చూపడానికి పెట్టుకున్నవే. ప్రతి ఇంటికీ ట్యూషన్ వైపు కొంత మొగ్గు ఉంటుంది, దాన్ని రూపాయల్లో కొలుద్దాం. సగటు మొగ్గు −1000తో మొదలై, ఆదాయంలో ప్రతి వెయ్యికీ 60 పెరుగుతుంది. ఒకే ఆదాయం ఉన్న ఇళ్ల మధ్య తేడా నార్మల్ పంపిణీలో ఉంది, దాని ప్రామాణిక విచలనం 800. మొగ్గు సున్నా దాటితే అదే ఖర్చు, దాటకపోతే ఖర్చు సున్నా.

10 వేలు వచ్చే ఇళ్లలో సగటు మొగ్గు −400. వీళ్లలో 31 శాతం మందే ఖర్చు పెడతారు, వాళ్ల సగటు 513 రూపాయలు. 30 వేలు వచ్చే ఇళ్లలో సగటు మొగ్గు 800. ఖర్చు పెట్టేవాళ్లు 84 శాతం, వాళ్ల సగటు 1030. సున్నాలను తీసేస్తే వెయ్యికి వచ్చే పెరుగుదల (1030 − 513) ÷ 20, అంటే 26. మనం పెట్టుకున్న 60లో సగం కూడా లేదు. కారణం ఇది: 10 వేల ఇళ్లలో లెక్కలో మిగిలేది చదువు మీద అసాధారణంగా పట్టుదల ఉన్నవాళ్లే. 30 వేల ఇళ్లలో మామూలు వాళ్లూ మిగులుతారు. పోలిక ఒకే రకం ఇళ్ల మధ్య జరగడం లేదు. సర్వేలో ఎన్ని వేల ఇళ్లు చేర్చినా ఈ తప్పు తగ్గదు.

సున్నాలతో సహా సగటు తీస్తే 10 వేల ఇళ్లకు 158, 30 వేల ఇళ్లకు 867. మామూలు రిగ్రెషన్ వెయ్యికి 35 అని చెబుతుంది. అది 60 కాదు కాబట్టి తప్పని చాలామంది కొట్టిపారేస్తారు. నిజానికి ఈ రెండు గుంపుల మధ్య చేతి నుంచి వెళ్లే డబ్బులో తేడా ఎంత అన్నదానికి సరైన జవాబు ఆ 35 రూపాయలే.

రెండో సలహాలోని లోపం ఇక్కడే బయటపడుతుంది. ఈ డేటా మీద టోబిట్ 60ని చక్కగా పట్టుకుంటుంది. కానీ 60 మొగ్గులో వచ్చే మార్పు, ఖర్చులో వచ్చే మార్పు కాదు. ఖర్చులో మార్పు కావాలంటే గుణకాన్ని ఖర్చు పెట్టే సంభావ్యతతో గుణించాలి. 10 వేల ఇంట్లో 60 × 0.31, అంటే 18.5 రూపాయలు. 30 వేల ఇంట్లో 50.5. సగటు 34.5. స్టాటా సాఫ్ట్‌వేర్‌లో, ఆదాయాన్ని వేలల్లో పెట్టి, ఇలా అడగాలి:

```
tobit kharchu aadaayam, ll(0)
margins, dydx(aadaayam) predict(ystar(0,.))
```

రెండో వరుస లేకుండా రిపోర్టు రాస్తే ప్రభావం దాదాపు రెట్టింపుగా కనిపిస్తుంది. గుణకమే జవాబయ్యే సందర్భం వేరే ఉంది. ఫారంలో “5000, అంతకు పైన” అనే ఒకే గడి ఉంటే ఆ ఇళ్లకు అసలు మొత్తం ఉంది, మనకు కనబడలేదంతే. అది నిజమైన సెన్సారింగ్. ట్యూషన్ పెట్టని ఇంటి సున్నా వెనక దాగిన ఖర్చేమీ లేదు.

ఇక ఏ సున్నాకైనా టోబిట్ అనే మాట. 1958లో జేమ్స్ టోబిన్ ఇచ్చిన ఈ నమూనాలో, ఖర్చు పెట్టాలా వద్దా అన్నదాన్నీ ఎంత పెట్టాలన్నదాన్నీ ఒకే గుణకం నడుపుతుంది. ఊరి నుంచి పట్టణానికి దూరం తీసుకోండి. దూరం పెరిగితే ట్యూషన్‌కు పంపేవాళ్లు తగ్గొచ్చు. పంపేవాళ్లకు మాత్రం ఆటో కిరాయి కలిసి ఖర్చు పెరగొచ్చు. ఒకే గుర్తున్న గుణకం ఈ రెండింటినీ చెప్పలేదు.

దీన్ని పట్టుకోవడం సులువు. ఖర్చు ఉందా లేదా అన్నదాని మీద ప్రోబిట్ వేయండి. దాని గుణకం, టోబిట్ గుణకాన్ని టోబిట్ అంచనా వేసిన ప్రామాణిక విచలనంతో భాగిస్తే వచ్చేదానికి దగ్గరగా ఉండాలి. మన ఉదాహరణలో 60 ÷ 800, అంటే 0.075. అందులో సగమే వచ్చినా, గుర్తు మారినా టోబిట్ వదిలేసి, 1971లో ఆర్థికవేత్త క్రాగ్ చూపినట్టు రెండు నిర్ణయాలకు రెండు సమీకరణాలు వేయాలి.

ఆదాయంతో పాటు ఇళ్ల మధ్య తేడా కూడా పెరుగుతుంటే మామూలు రిగ్రెషన్‌లో ప్రామాణిక దోషాలే చెడతాయి, టోబిట్‌లో గుణకాలే చెడతాయి. ఇక వేసవి సెలవుల్లో “గత 30 రోజుల్లో ఎంత?” అని అడిగితే ఏడాదంతా ట్యూషన్ కట్టే ఇల్లు కూడా సున్నా అంటుంది. ఆ సున్నాను ఏ నమూనా కూడా తనంతట విడదీయలేదు, బడి ఏడాది మొత్తానికి ఎంతయిందని ఫారంలోనే అడగాలి.